ముందు బిల్లు దగ్గర చూడండి

గుంటూరులో పచ్చళ్లు పట్టి ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న స్టోరు ఒకటి ఉందనుకుందాం. నెలాఖరున డాష్‌బోర్డు తెరిస్తే కన్వర్షన్ రేటు 1 శాతం, బౌన్స్ రేటు 65 శాతం, సగటు ఆర్డర్ విలువ 700 రూపాయలు అని కనిపిస్తుంది. ఎవరి కళ్లైనా ముందు ఆ 65 మీదే పడతాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారని కంగారుపడి హోమ్ పేజీ రంగులు మార్పిస్తారు. నన్నడిగితే అది ఆఖరి పని.

లెక్క చూడండి. నెలలో 4,000 విజిట్లు వచ్చాయి. అందులో 1 శాతం, అంటే 40, ఆర్డర్లయ్యాయి. ఆర్డరుకు 700 చొప్పున అమ్మకం 28,000. ఈ గుణకారంలో బౌన్స్ రేటు ఊసే లేదు.

కాబట్టి ముందు కన్వర్షన్‌ను విప్పి చూడాలి. ఈ స్టోరులో 320 విజిట్లలో సరుకు కార్ట్‌లో పడింది, 200 చెక్అవుట్ దాకా వెళ్లాయి, డబ్బు కట్టింది 40 మందే. కొనడానికి సిద్ధపడి, ఫోన్ నంబరు, అడ్రసు కూడా కొట్టడం మొదలుపెట్టిన 160 మంది అక్కడే ఆగిపోయారు. మీరే మీ ఫోన్‌లో ఒక ఆర్డరు పెట్టి చూడండి, కారణం తెలుస్తుంది. 350 రూపాయల ఆవకాయ సీసాకు చివరి పేజీలో 120 రూపాయల డెలివరీ చార్జీ హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. లేదా యూపీఐ పేమెంటు మధ్యలో ఆగిపోతుంది. చార్జీ ఎంతో సరుకు పేజీలోనే చెప్పేసి, ఆ 160 మందిలో 20 మందిని నిలుపుకున్నా అమ్మకం 42,000 అవుతుంది. ప్రకటనకు రూపాయి కూడా అదనంగా పెట్టక్కర్లేదు.

తర్వాత ఆర్డర్ విలువ. సగటు 700 ఉంది కదా అని 999 దాటితే డెలివరీ ఉచితం అని పెట్టేస్తారు. ఆ 40 ఆర్డర్లలో ఒకటి పెళ్లివారి 8,800 రూపాయల ఆర్డరైతే, మిగతా 39కి సగటు 492 మాత్రమే! 500కు కొనేవాళ్లు 999 దాకా రారు. 699 అంటే ఇంకో చిన్న సీసా వేసుకుంటారు. అందుకే సగటుతో ఆగకుండా ఆర్డర్ల జాబితా కూడా చదవాలి.

బౌన్స్ రేటు వంతు ఆ తర్వాతే. గూగుల్ అనలిటిక్స్ ఇప్పటి పద్ధతిలో రెండో పేజీ తెరిచినా, 10 సెకన్లకు మించి ఉన్నా బౌన్స్ కింద రాదు. పాత పద్ధతి వేరు కనుక అప్పటి శాతంతో పోల్చకండి. మొత్తం అంకె కాకుండా ఎక్కణ్నుంచి వచ్చినవాళ్లు పోతున్నారో చూడండి. రీల్‌లో గోంగూర చూపించి లింకు హోమ్ పేజీకి ఇస్తే ఎవరైనా పోతారు.

ఏది మార్చినా ఒకసారికి ఒకటే మార్చి నెల ఆగండి. నెలకు 40 ఆర్డర్లున్న చోట వారంలో మూడు పెరిగినా, తగ్గినా దాన్ని ఫలితమనుకోవద్దు.