గాలి వెనక్కి తన్నితే

ఓడ ఇంజిన్ వదిలే పొగ దాదాపు 400 డిగ్రీల వేడితో, మంచి ఒత్తిడితో బయటికి వస్తుంది. ఆ శక్తి పొగగొట్టంలో వృథా పోకుండా స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూచి 1905లోనే దారి చూపాడు. పొగ ఒక టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని పీల్చి సిలిండర్లలోకి నొక్కుతుంది. నిమిషానికి పది వేలకు పైగా చుట్లు తిరిగే ఈ జంటే టర్బోచార్జర్.

నొక్కిన గాలి 180 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పలచన కాబట్టి సిలిండర్‌లో పట్టే ఆక్సిజన్ తగ్గిపోతుంది. అందుకే మధ్యలో ఎయిర్ కూలర్ పెట్టి, నీటి గొట్టాల మధ్యగా పంపి, గాలిని 45 డిగ్రీల దగ్గరికి దించుతారు. ఉక్కపోత ప్రాంతాల్లో ఈ చల్లార్చడంతోనే గాలిలోని తేమ రోజుకు టన్నుల కొద్దీ నీరుగా దిగుతుంది. దాన్ని తీసేసే డ్రెయిన్ పూడుకుపోతే నీటి తుంపర సిలిండర్‌లోకి పోయి, లోపలి గోడకు అంటుకున్న నూనె పొరను కడిగేస్తుంది.

ఇంజిన్ ఒంటి చుట్టూ తిరిగేది మాత్రం తుప్పు పట్టనివ్వని మందు కలిపిన మంచినీరు. ఉప్పునీరైతే గట్టిగా పేరుకుపోతుంది, లోహాన్ని తినేస్తుంది. ఈ నీరు ఇంజిన్ నుంచి బయటికి వచ్చేటప్పుడు 80 నుంచి 90 డిగ్రీలుండాలి. మరీ చల్లబడితే ఇంధనంలోని గంధకం ఆమ్లంగా మారి సిలిండర్‌ను కొరుకుతుంది. సముద్రపు నీరు సెంట్రల్ కూలర్ దాకానే వచ్చి, మంచినీటి వేడిని తీసుకుని తిరిగి కడలిలో కలుస్తుంది.

విశాఖలో ఇనుప ఖనిజం ఎత్తుకుని చైనాకు బయల్దేరిన ఓడ ఒకటి ఉందనుకుందాం. వారం తిరిగేసరికి సిలిండర్లన్నిటి పొగ వేడి 360 నుంచి 400 డిగ్రీలకు చేరింది. ఒక్క సిలిండర్‌లోనే పెరిగి ఉంటే ఇంజెక్టర్‌నో, పొగ వాల్వ్‌నో అనుమానించాలి. అన్నిట్లో ఒకేసారి పెరిగిందంటే గాలి చాలడం లేదన్నమాట.

చీఫ్ ఇంజినీరు ముందు చూసేది ఎయిర్ కూలర్ పక్కన వేలాడే యు ఆకారపు గాజు గొట్టం. గాలి కూలర్‌లోకి వెళ్లేచోట, బయటికి వచ్చేచోట ఒత్తిడిలో ఎంత తేడా ఉందో అందులోని నీటి మట్టం చెబుతుంది. కూలర్ శుభ్రంగా ఉన్నప్పుడు 120 మిల్లీమీటర్లు చూపింది ఇప్పుడు 210 అయింది. గాలికి, చల్లార్చే నీటికి మధ్య ఉష్ణోగ్రత తేడా మాత్రం పెద్దగా మారలేదు. అంటే నీటి గొట్టాలు బాగానే ఉన్నాయి. ఇంజిన్ రూమ్‌లోని నూనె ఆవిరి, మసి ఫిల్టర్ దాటి వచ్చి కూలర్ రేకులకు పట్టాయి. అదే ఉష్ణోగ్రత తేడా పెరిగి ఉంటే వెతకాల్సింది నీటి వైపు. జెల్లీ చేపలు, ప్లాస్టిక్ చెత్త, నత్త గుల్లలు సముద్రపు నీటి జాలీని మూసేయడం మామూలే.

పట్టించుకోకుండా పోతే ముదిరేది సర్జింగ్. ముందుకు దారి లేని గాలి కంప్రెసర్ గుండా వెనక్కి తన్నుతుంది. పెద్ద కుక్క మొరిగినట్టు మోత వస్తుంది, బేరింగులు దెబ్బతింటాయి. అలలకు ప్రొపెల్లర్ నీటి పైకి తేలి భారం ఒక్కసారిగా మారినప్పుడు ఈ ముప్పు ఎక్కువ.

నడిసముద్రంలో చేయగలిగింది వేగం తగ్గించి, గాలి ఫిల్టర్ గుడ్డ మార్చడమే. టర్బైన్‌కు పట్టిన మసినైతే ఇంజిన్ నడుస్తుండగానే పిండి కొట్టిన వాల్‌నట్ పెంకులు చల్లి రాల్చవచ్చు. ఎయిర్ కూలర్‌కు అది పనికిరాదు. ఓడ రేవు చేరాక, ఇంజిన్ ఆపి, రసాయన ద్రావణాన్ని రేకుల మీదుగా గంటల తరబడి తిప్పి కడుగుతారు. ఆ తర్వాత ఇంజిన్‌ను మునుపటి భారం మీదే నడిపి, గాజు గొట్టం మళ్లీ 120 దగ్గరికి దిగిందో లేదో చూస్తారు.