గ్రూపులో ఉంటూనే నిద్రపోవడం ఎలా

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో సగం మంది గుంటూరు, హైదరాబాదుల్లో ఉంటారు, మిగతా సగం అమెరికాలో. వేసవిలో ఇక్కడ రాత్రి 11 అయితే డాలస్‌లో మధ్యాహ్నం 12:30. మనం దుప్పటి కప్పుకునే వేళకి వాళ్ళు లంచ్ బాక్సు విప్పి, రెండో చేత్తో ఫోన్ అందుకుంటారన్నమాట. తాతగారి పాత ఫొటో ఒకటి ఎవరైనా పెట్టారంటే, పక్కనున్న పిల్లవాడు ఎవరో తేలేదాకా మా టీపాయ్ మీద ఫోన్ గుర్రుమంటూనే ఉంటుంది.

గ్రూపులోంచి వచ్చేయొచ్చు కదా అనేవాళ్ళకి చుట్టరికాలు లేవనుకోవాలి. 2022 నుంచి ఎవరైనా తప్పుకుంటే కబురు అడ్మిన్లకి మాత్రమే వెళ్తుంది, నిజమే. కానీ తప్పుకున్నవాళ్ళ పేర్లు 60 రోజులపాటు గ్రూపు వివరాల్లో ఎవరు చూసినా కనిపిస్తాయి. పైగా మా అడ్మిన్ పెద్దత్తయ్య. ఊరంతా తెలియడానికి ఆవిడకి 60 రోజులు అక్కర్లేదు.

కాబట్టి ఉండాలి, నిద్రా పట్టాలి. దీనికి అందరికీ తెలిసిన మందు మ్యూట్. గ్రూపు పేరు మీద వేలు కాసేపు నొక్కిపట్టి, పైన వచ్చే గంట బొమ్మ తాకితే మూడు గడువులు చూపిస్తుంది: 8 hours, 1 week, Always. మ్యూట్ చేసినట్టు అవతలివాళ్ళకి తెలియదు. మెసేజీలు వస్తూనే ఉంటాయి, మోత మాత్రం ఉండదు.

నేను చాలాకాలం మొహమాటం కొద్దీ 8 గంటలదే నొక్కేవాణ్ణి. పూర్తిగా నోరు నొక్కేయడం పెద్దవాళ్ళకి అమర్యాదేమోనని. రాత్రి 9కి నొక్కితే గడువు సరిగ్గా తెల్లవారుజామున 5కి తీరుతుంది. మా మావయ్య 5:05కి లేస్తాడు. సూర్యోదయం, తామరపువ్వు, శుభోదయం, వాటికి జవాబుగా మరో ముప్ఫై శుభోదయాలు. సమస్య ఎనిమిది గంటలు వాయిదా పడిందే తప్ప పోలేదు. 'Always' అన్నది 2020లో వచ్చింది, అంతకుముందు అక్కడ ఏడాది గడువు ఉండేది. మొహమాటం మానేసి అదే నొక్కండి.

అలా నొక్కినా ఒక కన్నం మిగులుతుంది. మ్యూట్ చేసిన గ్రూపులో ఎవరైనా @ పెట్టి మీ పేరు పిలిచినా, మీరు రాసినదానికి రిప్లై ఇచ్చినా నోటిఫికేషన్ వస్తుంది. ఇది లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. దాన్నీ ఆపాలంటే, అలా పిలిచే మనిషితో మీకున్న విడి చాట్‌ని కూడా మ్యూట్ చేయాలి. అప్పుడు ఆయన మీకొక్కరికే రాసే మెసేజీలూ మౌనంగానే వచ్చి కూర్చుంటాయి. అది మీకు నష్టమో లాభమో ఆ మనిషిని బట్టి ఉంటుంది.

మ్యూట్‌తో అసలు చిక్కు వేరే ఉంది. అది ఒక్కో గ్రూపుకి విడివిడిగా పెట్టే తాళం. మీకు ఇరవై గ్రూపులుంటే ఇరవై తాళాలు. ఇరవై ఒకటోది రేపు ఎవరి పెళ్ళికో పుడుతుంది, పుట్టడమే మోతతో పుడుతుంది. అందుకే పద్ధతి తిరగేయడం మేలు. గ్రూపులన్నీ మామూలుగా మౌనంగా ఉండాలి, కావలసిన ఒకటీ రెండింటికే గొంతు ఇవ్వాలి.

ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ తెరిచి Settings లోపల Notifications లోకి వెళ్ళండి. అక్కడ మెసేజీలకీ, గ్రూపులకీ, కాల్స్‌కీ విడివిడిగా భాగాలున్నాయి. చాలామంది పైనున్న మెసేజీల భాగం మార్చేసి, ఇంకా మోగుతోందేమిటని విసుక్కుంటారు. కాస్త కిందికి జరిపి Groups భాగంలో Notification tone ని None చేయండి, Vibrate ని Off చేయండి. రెండూ చేయాలి. టోన్ ఒక్కటే తీసేస్తే వణుకు మిగులుతుంది, చెక్కబల్ల మీద అర్ధరాత్రి ఆ వణుకే మోత కంటే హీనం. అదే భాగంలో Reaction notifications కూడా ఆపేయండి. రాత్రి 10కి మీరొక సంతాపం రాస్తే నలభైమంది దండం బొమ్మ తగిలిస్తారు, అవన్నీ మీ ఫోన్‌కే వస్తాయి. ఐఫోన్‌లోనూ వాట్సాప్ Settings లో Notifications కిందే గ్రూపులకి వేరే భాగం ఉంది, అక్కడ Sound ని None చేస్తే సరి.

ఇక గొంతు ఎవరికివ్వాలి? మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వాచ్‌మన్ 'ట్యాంకర్ వచ్చింది' అని పెడితే పది నిమిషాల్లో లేవాలి, లేకపోతే ఆ రోజు స్నానం లేదు. ఆ గ్రూపు తెరిచి, పైన పేరు తాకి, అందులో నోటిఫికేషన్ల దగ్గర దానికంటూ ప్రత్యేకమైన టోన్ పెట్టాను. వాట్సాప్ వెర్షన్‌ని బట్టి మాట కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, చోటు మాత్రం అదే. అయితే అదే గ్రూపులో పార్కింగ్ తగాదాలూ నడుస్తాయి కనుక నాలుగు రోజులకే మళ్ళీ నిద్ర చెడింది. చివరికి కార్యదర్శిగారిని అడిగి నీళ్ళకి వేరే గ్రూపు పెట్టించి, అందులో అడ్మిన్లు మాత్రమే రాసేట్టు చేయించాం. వాచ్‌మన్‌ని అడ్మిన్ చేశాం. ఆ గ్రూపులో ఇప్పటిదాకా ఒక్క తామరపువ్వు కూడా పూయలేదు.

ఇంత చేశాక కూడా రాత్రి రెండింటికి ఫోన్ వణికిందనుకోండి. పొద్దున లేచి చూస్తే దోషి ఎవరో తెలియదు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్ సెట్టింగుల్లో Notification history అనే మీట ఉంది. ముందే వేసి ఉంచితే గత 24 గంటల్లో ఏ యాప్ ఎన్నింటికి పలికిందో వరసగా చూపిస్తుంది. మా ఇంట్లో ఒకసారి దొరికిన దోషి గ్రూపు కాదు, విడిగా శుభోదయం పంపే ఒక బావగారు. విడి మెసేజీలు గ్రూపుల భాగం కిందికి రావు. ఆయనకి Always వాడాను.

ఫోన్‌లోని డు నాట్ డిస్టర్బ్‌ని రాత్రి వేళకి పెట్టుకుంటే ఇదంతా ఎందుకు అంటారా? ఒంటరిగా నిద్రపోవడానికి అదీ మంచిదే. ఊళ్ళో పెద్దవాళ్ళున్నవాళ్ళు మాత్రం మినహాయింపులు చూసుకోవాలి. స్టార్ గుర్తు పెట్టిన నంబర్లనుంచి కాల్స్ రానివ్వమని చెప్పుకోవచ్చు. మళ్ళీ చేసేవారిని రానివ్వమనే మీట కూడా ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లో, ఐఫోన్‌లో 3 నిమిషాల్లో అదే మనిషి రెండోసారి చేస్తే మోగుతుంది. ఇవి మామూలు ఫోన్ కాల్స్‌కి. అత్యవసరమైతే వాట్సాప్ కాల్ కాకుండా నంబరుకే చేయమని, ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చేయమని నాన్నకి చెప్పి ఉంచాను.

ఇవన్నీ మీ అమ్మగారి ఫోన్‌లో కూడా చేసేద్దామనుకుంటే ముందు ఆవిడని అడగండి. మా అమ్మ ఫోన్‌లో చెప్పకుండా చేశాను. రెండో రోజు పొద్దున్నే ఫోన్ చేసి, 'ఏరా, డాలస్‌లో అందరూ బాగానే ఉన్నారా, ఒక్కళ్ళూ పలకడం లేదు' అంది. వెనక్కి మార్చేశాను.