చివరి పదిహేను కిలోమీటర్ల కిరాయి: అబిడ్స్, నాంపల్లికి చేరే బియ్యం లోడు లెక్క

హైదరాబాదులో అబిడ్స్, నాంపల్లి దారులు కలిసే చోట మొజంజాహీ మార్కెట్ ఉంది. 1935 నాటి ఈ రాతి కట్టడం ఒకప్పుడు నగరానికి ప్రధాన పండ్ల మార్కెట్. తరువాత పండ్ల టోకు వ్యాపారం గడ్డి అన్నారానికి, అక్కడి నుండి నగరం వెలుపలి బాటసింగారానికి తరలిపోయింది. పెద్ద లారీలు నిలిచి సరుకు దించుకోవడానికి నగరం నడిబొడ్డున చోటు చాలకపోవడం ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటి. అయితే కొనుగోలుదారులు మాత్రం అబిడ్స్, నాంపల్లిలోనే ఉన్నారు. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకటి ఇక్కడి దుకాణానికి నేరుగా బియ్యం అమ్మదలచినప్పుడు మొదట తేల్చుకోవలసింది బస్తాకు రవాణా ఖర్చు ఎంత పడుతుందన్నది. ఆ అంచనా తప్పితే దళారీ లేకుండా అమ్మి మిగుల్చుకోవాలనుకున్న సొమ్ము రవాణాకే పోతుంది.

సూత్రం, దానిలోని రెండు భాగాలు

లారీ కిరాయిని సాధారణంగా ఈ విధంగా లెక్కిస్తారు:

కిరాయి = బరువు (టన్నులు) × దూరం (కి.మీ.) × రేటు (రూ./టన్ను-కి.మీ.) + లోడింగ్ ఖర్చు

మొదటి భాగం బరువు, దూరం రెండింటితోనూ పెరుగుతుంది. రెండవ భాగమైన లోడింగ్ ఖర్చుకు దూరంతో సంబంధం లేదు. లారీ పది కిలోమీటర్లు వెళ్ళినా, వెయ్యి కిలోమీటర్లు వెళ్ళినా బస్తాను ఎత్తే హమాలీకి ఇచ్చే కూలి ఒక్కటే. ఆ కూలి బస్తాల సంఖ్యను బట్టి, సరుకును ఎన్నిసార్లు ఎత్తి దించారన్నదాన్ని బట్టి పెరుగుతుంది. అంచనాలలో వచ్చే పొరపాట్లకు ఎక్కువగా ఈ తేడాను గమనించకపోవడమే కారణం.

మిర్యాలగూడ నుండి నాంపల్లికి 400 బస్తాల బియ్యం పంపే సందర్భాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దూరం 150 కి.మీ., రేటు టన్ను-కిలోమీటరుకు 4 రూపాయలు, హమాలీ కూలి బస్తాకు 4 రూపాయలు అనుకుందాం. ఈ రేట్లు లెక్క చూపడానికి తీసుకున్నవి మాత్రమే. సీజనును బట్టి, డీజిల్ ధరను బట్టి, తిరుగు లోడు దొరికే అవకాశాన్ని బట్టి అసలు రేట్లు మారుతుంటాయి.

బరువు: బస్తాల లెక్కా, కాటా లెక్కా?

బస్తాను 25 కిలోలుగా లెక్కగడితే 400 బస్తాలకు 10 టన్నులు. అప్పుడు కిరాయి 10 × 150 × 4 = 6,000 రూపాయలు. లోడింగ్ 1,600 కలిపితే మొత్తం 7,600 రూపాయలు. కాగితం మీద ఈ లెక్క సరిగానే కనిపిస్తుంది.

అయితే 2022 జూలై 18 నుండి, ముందే ప్యాక్ చేసి లేబుల్ అంటించిన 25 కిలోల వరకు బియ్యం సంచులపై 5 శాతం జి.ఎస్.టి. అమలులోకి వచ్చింది. అప్పటి నుండి పలు మిల్లులు 26 కిలోల సంచులు నింపుతున్నాయి. వాడుకలో మాత్రం దానిని ఇప్పటికీ ‘పాతిక కిలోల బస్తా’ అనే అంటారు. 26 కిలోల చొప్పున లెక్కిస్తే లోడు 10.4 టన్నులు. దూరం మీద పడే కిరాయి 6,240 రూపాయలకు, లోడింగుతో కలిపి 7,840 రూపాయలకు చేరుతుంది. తేడా 240 రూపాయలే అయినా, ధర్మకాటా చీటీ చూపి లారీ యజమాని అదనంగా అడిగినప్పుడు అది తగాదాకు దారితీస్తుంది. ఖాళీ లారీని ఒకసారి, నిండిన లారీని మరొకసారి తూయించి, ఆ రెండింటి తేడానే బరువుగా రాసుకోవాలని ముందే ఒప్పుకుంటే తగాదాకు తావుండదు.

మిల్లు బిల్లులో బరువు క్వింటాళ్ళలో ఉంటుందని కూడా గమనించాలి. 104 క్వింటాళ్ళను టన్నులలోకి మార్చకుండా సూత్రంలో వేస్తే కిరాయి పది రెట్లు కనిపిస్తుంది. వచ్చిన మొత్తాన్ని బస్తాల సంఖ్యతో భాగించి చూస్తే ఈ పొరపాటు బయటపడుతుంది. ఈ లోడుకు బస్తాకు 19 రూపాయల 60 పైసలు రావాలి. 160 రూపాయలు వచ్చిందంటే ప్రమాణం ఎక్కడో తప్పిందని అర్థం.

కనీస బరువు షరతు

రేటు టన్నుకు మాట్లాడినా, లారీ యజమానికి అయ్యే ఖర్చు లారీని బట్టి ఉంటుంది. సగం నిండిన లారీకీ డ్రైవరు జీతం, టోలు రుసుము అంతే. డీజిల్ మాత్రం కొద్దిగా తగ్గుతుంది. అందువల్ల ‘కనీసం 10 టన్నులకు కిరాయి’ అనే షరతు పెడతారు. సంఘం 400 బస్తాలకు బదులు 300 బస్తాలే సమకూర్చగలిగితే అసలు బరువు 7.8 టన్నులు. కిరాయి మాత్రం 10 టన్నులకే, అంటే 6,000 రూపాయలు. లోడింగ్ 1,200 కలిపి మొత్తం 7,200 అవుతుంది. మొత్తం తగ్గినట్లు కనిపించినా బస్తాకు 24 రూపాయలు పడుతుంది. నిండు లోడుతో పోలిస్తే ఇది 4 రూపాయల 40 పైసలు ఎక్కువ.

నష్టం రాకూడదని లారీని పరిమితికి మించి నింపడం దీనికి పరిష్కారం కాదు. 2018లో సవరించిన పరిమితుల ప్రకారం రెండు ఇరుసుల లారీ తన బరువుతో కలిపి 18.5 టన్నులు మించకూడదు. మించితే 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం కింద 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో 2,000 రూపాయలు పడతాయి. ఈ ఉదాహరణలోని మొత్తం కిరాయి కంటే ఆ జరిమానాయే ఎక్కువ.

నగరంలోకి ప్రవేశం: ఒక్క ప్రయాణమా, రెండా?

ఇప్పటివరకు వేసిన లెక్క సరుకు మిల్లు దగ్గర లారీ ఎక్కి నాంపల్లి వరకు అదే లారీలో వెళుతుందని భావించింది. పగటిపూట భారీ సరుకు వాహనాలు హైదరాబాదు నగరంలోకి రావడంపై ట్రాఫిక్ పోలీసుల ఆంక్షలు ఉంటాయి. ఆ వేళలు ఎప్పటికప్పుడు ఇచ్చే ఉత్తర్వులను బట్టి మారుతుంటాయి కనుక లోడు బయలుదేరే ముందే వాటిని తెలుసుకోవాలి. పగలు చేరిన లారీకి రెండు దారులున్నాయి. నగరం అంచున సరుకును చిన్న వాహనాలలోకి మార్చడం మొదటిది. రాత్రి దాకా ఆగి నేరుగా నాంపల్లి వెళ్ళడం రెండవది.

మొదటి దారిలో విజయవాడ రహదారి మీద వనస్థలిపురం ఆటోనగర్ పరిసరాలలో సరుకు మార్చారనుకుందాం. లారీ ప్రయాణం 135 కి.మీ., మిగిలినది 15 కి.మీ. లారీ కిరాయి 10.4 × 135 × 4 = 5,616 రూపాయలు. చిన్న వ్యాను ఒక్కోసారి వంద బస్తాలు మోస్తే నాలుగు ట్రిప్పులు కావాలి. ట్రిప్పుకు 1,500 చొప్పున 6,000 రూపాయలు. హమాలీ ఖర్చు మిల్లు దగ్గర ఒకసారి, మార్పిడి చోట ఒకసారి, దుకాణం దగ్గర ఒకసారి, అంటే మూడుసార్లు కలిపి 4,800 రూపాయలు. మొత్తం 16,416 రూపాయలు. బస్తాకు 41 రూపాయలు.

ఇందులో చిన్న వ్యాను రేటును టన్ను-కిలోమీటరులోకి మార్చి చూడాలి. 10.4 టన్నులు 15 కి.మీ. వెళితే 156 టన్ను-కిలోమీటర్లు. 6,000ను 156తో భాగిస్తే దాదాపు 38 రూపాయలు వస్తుంది. రహదారి మీద 4 రూపాయలున్న రేటు నగరంలో తొమ్మిది రెట్లు దాటింది. చిన్న వాహనం కిరాయి కిలోమీటర్లను బట్టి కాక ట్రిప్పును బట్టి ఉంటుంది. రద్దీలో గడిచే సమయం, ఖాళీగా తిరిగి రావడం కూడా అందులోనే కలిసి ఉంటాయి. కనుక రహదారి రేటును మొత్తం 150 కిలోమీటర్లకూ వర్తింపజేయడం తప్పు. వాహనం మారిన ప్రతిచోటా సూత్రాన్ని కొత్తగా మొదలుపెట్టి, చివరలో అన్నింటినీ కూడాలి.

రెండవ దారిలో లారీ కిరాయి 6,240, ఎత్తుడు దింపుడు కలిపి 3,200, మొత్తం 9,440 రూపాయలు. దీనికి లారీ ఆగినందుకు ఇచ్చే హాల్టింగ్ ఛార్జీ 1,500 కలిపితే 10,940 రూపాయలు. బస్తాకు 27 రూపాయల 35 పైసలు. మొదటి దారి కంటే బస్తాకు దాదాపు 13 రూపాయల 70 పైసలు ఆదా అవుతుంది.

ఎంతవరకు ఆగవచ్చు?

రాత్రి దింపుడులోనూ చిక్కులున్నాయి. హమాలీలు సమయానికి రాకపోయినా, దుకాణదారు గిడ్డంగి తెరవకపోయినా తెల్లవారే వేళకు లారీ అక్కడే చిక్కుకుంటుంది. మళ్ళీ రాత్రి వరకు కదలలేదు కనుక ఇంకో రోజు హాల్టింగ్ పడుతుంది. గిడ్డంగి సన్నని గల్లీలో ఉంటే రోడ్డు మీది నుండి బస్తాలు మోయవలసి వస్తుంది, దింపుడు కూలి పెరుగుతుంది.

ఈ ప్రమాదాన్ని అంకెలలో కొలవవచ్చు. మొదటి దారి ఖర్చు 16,416 నుండి, హాల్టింగ్ లేని రెండవ దారి ఖర్చు 9,440 తీసివేస్తే 6,976 రూపాయలు మిగులుతుంది. హాల్టింగ్, అదనపు మోత కూలి కలిపి ఈ మొత్తాన్ని దాటనంతవరకు రాత్రి దాకా ఆగడమే లాభం. ఉదాహరణకు రోజుకు 4,000 రూపాయల చొప్పున హాల్టింగ్ అడిగితే ఒక రోజు ఆలస్యాన్ని సంఘం భరించగలదు. రెండవ రోజుకు 8,000 అవుతుంది కనుక అప్పటికి సరుకు మార్పిడియే చౌక అయ్యేది.

హమాలీ ఖర్చు ప్రభావాన్ని మరో కోణం నుండి కూడా చూడవచ్చు. రెండు చివరలా కలిపి 3,200 రూపాయలంటే టన్నుకు దాదాపు 308. టన్ను-కిలోమీటరుకు 4 రూపాయల రేటులో ఇది 77 కిలోమీటర్ల ప్రయాణానికి సమానం. అంతకంటే దగ్గరి ప్రయాణాలలో దూరం కంటే ఎత్తుడు దింపుడుకే ఎక్కువ ఖర్చవుతుంది. అక్కడ రేటులో పావలా తగ్గించమని బేరమాడడం కంటే సరుకు చేతులు మారే సంఖ్యను ఒకటి తగ్గించడం మేలు.

సంఘాలకు అంచనా తయారుచేసి ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు లారీ యజమానితో మాట్లాడేటప్పుడు రేటుతో పాటు మరి నాలుగు విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోవాలి. బరువు ఏ కాటా చీటీ ప్రకారం? కనీస బరువు ఎంత? లోడింగ్, అన్‌లోడింగ్ ఖర్చులు ఎవరివి? ఎన్ని గంటల తరువాత హాల్టింగ్ మొదలవుతుంది? బియ్యం రవాణా సేవకు జి.ఎస్.టి. మినహాయింపు ఉన్నందున బిల్లులో ఆ పన్ను కనిపిస్తే ప్రశ్నించాలి. ఈ నాలుగింటికీ జవాబులు రాసుకున్న తరువాతనే బస్తా ధరను దుకాణదారుకు చెప్పాలి. ‘నాంపల్లి చేరవేత’ అని ధర చెప్పి, 7,840 రూపాయల లెక్కతో బయలుదేరిన సంఘం పగటిపూట ఆటోనగర్ దగ్గర సరుకు మార్చవలసి వస్తే, 8,576 రూపాయల లోటును తన లాభంలో నుంచే భరించవలసి ఉంటుంది.