తొమ్మిదిన్నర గ్రాముల లెక్క

2025 మార్చి మొదటి వారంలో మా కేఫ్ గల్లాపెట్టె పక్కన ఒక కాగితం అతికించాను. "ముడిసరుకు ధరలు పెరిగినందున రేపటి నుంచి ఫిల్టర్ కాఫీ 28 రూపాయలు" అని రెండు ముక్కల్లో రాశాను. అంతకుముందు 25. మధ్యాహ్నానికల్లా ఆ కాగితం నా చేత్తోనే తీసేశాను.

తీయించింది మా లెక్కల మాస్టారు. రిటైరై చాలాకాలమైంది. ఉదయం ఏడింటికొకటి, సాయంత్రం నాలుగింటికొకటి ఆయనకు కాఫీ పడాలి. కాగితం చదివి, "పచ్చి గింజ ధర ఎంత పెరిగిందయ్యా?" అనడిగారు. 2023 చివర్లో మిశ్రమం కిలో 350కి పడేదని, ఇప్పుడు 600 అయిందని చెప్పాను. "అంటే డెబ్బై శాతం పైనే. నువ్వు కాఫీ మీద పెంచింది పన్నెండు శాతం. గింజ డెబ్బై పెరిగితే పన్నెండుతో ఎలా సరిపెడతావు? సరిపెట్టగలిగితే ఎలాగో రాసి పెట్టు. లేకపోతే కప్పులో ఇంకేదో తగ్గించబోతున్నావని అనుకోవాల్సొస్తుంది" అన్నారు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. రోజూ వచ్చే మనిషికి నేను చెప్పాల్సింది ధర పెరిగిందన్న కబురు ఒక్కటే కాదు, ఆ మూడు రూపాయలు ఎక్కడి నుంచి పుట్టాయో కూడా. ఆ రాత్రి కొట్టు కట్టేశాక కూర్చుని కప్పు లెక్క వేశాను.

మా దగ్గర కిలో పొడికి వంద కప్పులు వస్తాయి. అంటే కప్పుకు పది గ్రాములు. అందులో ఎనిమిది గ్రాములు కాఫీ, రెండు గ్రాములు చికోరీ. మూడు వంతులు అల్లూరి జిల్లా అరబికా, ఒక వంతు కొడగు రోబస్టా కలిపి వేయిస్తాం. వేయించేటప్పుడు గింజలోని తేమ ఆవిరై, పొట్టు రాలి బరువు తగ్గుతుంది. మా వేపుడుకి వంద కిలోల పచ్చి గింజ 84 కిలోలకు దిగుతుంది. కాబట్టి ఎనిమిది గ్రాముల వేయించిన గింజ కావాలంటే తొమ్మిదిన్నర గ్రాముల పచ్చి గింజ పెట్టాలి. మాస్టారి ప్రశ్నకు జవాబంతా ఈ తొమ్మిదిన్నర గ్రాముల్లోనే ఉంది.

కిలో 350 ఉన్నప్పుడు ఆ గింజ ఖరీదు మూడు రూపాయల ముప్పై పైసలు. కిలో 600 అయితే అయిదు రూపాయల డెబ్బై పైసలు. అంటే కప్పుకు దాదాపు రెండు రూపాయల నలభై పైసలు పెరిగింది. పాతిక రూపాయల కాఫీలో గింజ వాటా మొదటి నుంచీ మూడు రూపాయల పైచిలుకే. మిగతాదంతా పాలు, పంచదార, గ్యాసు, అద్దె, జీతాలు. వాటిలో పాలదే పెద్ద ఖర్చు, గింజకంటే ఎక్కువ. ఈ ఏడాది వాటి పేరు చెప్పి నేనేమీ పెంచలేదు. గింజ డెబ్బై శాతం పెరిగినా కాఫీ పన్నెండు శాతంతో సరిపోవడానికి కారణం ఇదే. దీన్నే తిప్పి చూడండి. గింజ పేరు చెప్పి ఎవరైనా పాతిక రూపాయల కాఫీని నలభై చేస్తే ఆ పెంపు గింజది కాదు.

మూడు రూపాయల్లో అయిదు శాతం పన్ను పోతే చేతికొచ్చేది రూ. 2.86. గింజకు పోయేది రూ. 2.38. కప్పుకు 48 పైసలు మిగులుతుంది. రోజుకు మూడొందల కప్పులు పోతాయి కాబట్టి నెలకు నాలుగు వేల మూడొందలు. రెండు రూపాయలే పెంచితే ఇంచుమించు అంతే మొత్తం నాకు ఎదురు పడుతుంది. రెండా, మూడా అని రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి మూడు వేయడానికి కారణం బస్తా. యాభై కిలోల బస్తా ఇదివరకు పదిహేడున్నర వేలకు వచ్చేది, ఇప్పుడు ముప్పై వేలు. వర్తకుడు అప్పివ్వడం మానేశాడు, ముందు డబ్బు కట్టాలి. నాలుగు బస్తాలు నిల్వ పెట్టుకోవాలంటే అదనంగా యాభై వేలు అప్పు తేవాలి. ఈ సంగతి కూడా ఉత్తరంలో రాశాను. మిగిలేదాన్ని దాచిపెట్టి తక్కిన లెక్క చెబితే అది లెక్క అనిపించుకోదు.

ధర పెంచకుండా గడిచే దారి లేదా అంటే, ఉంది. ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన దారి అది: చికోరీ పెంచడం. చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. నాకు కిలో రెండొందలకు పడుతుంది. కాఫీ, చికోరీ కలిపి అమ్మే పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఏది ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలని ఆహార భద్రతా నిబంధన ఉంది. గ్లాసులో పోసి ఇచ్చే కాఫీకి అలాంటి చీటీ ఏదీ ఉండదు. అందుకే అక్కడ బుద్ధి వంకరపోతుంది. ఇరవై పాళ్ల చికోరీని ముప్పై అయిదు చేస్తే నాకు కప్పుకు మిగిలేది ముప్పావలా. చట్టం ఒప్పుకునే చివరి అంచుదాకా వెళ్లి 49 పాళ్లు కలిపినా మిగిలేది రూపాయిన్నరే. పెరిగిన రెండు రూపాయల నలభై పైసలు దాంతోనూ పూడవు. రుచి పూర్తిగా చెడగొట్టుకున్నా లోటు తీరదన్నమాట. ఈ లెక్క తేలాక ఆ ఆలోచన పక్కన పెట్టడం కష్టం కాలేదు.

చికోరీ పెరిగిన కాఫీని పట్టుకోవడం తేలికే. డికాషన్ మరీ నల్లగా, చిక్కగా ఉంటుంది, చూడటానికి బాగుంటుంది. కానీ గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చినప్పుడు రావలసిన ఘుమఘుమ రాదు. తాగాక నాలుక మీద మాడిన బెల్లం లాంటి చేదు నిలిచిపోతుంది. ఇంట్లో చేసుకునే పరీక్ష కూడా ఒకటుంది. గాజు గ్లాసు నిండా చన్నీళ్లు పోసి చిటికెడు పొడి పైన చల్లండి. కాఫీపొడి కాసేపు తేలుతుంది. చికోరీ కొద్ది క్షణాల్లోనే గోధుమరంగు చారలు వదులుతూ కిందికి దిగుతుంది. ఎంత శాతం కలిపారో దీనితో తేలదు, చికోరీ ఉందా లేదా అన్నదే తెలుస్తుంది. పొడి కొనే చోటే మార్చి, పాత పొడి కొంచెం దాచుకుని రెండూ పక్కపక్కన వేసి చూస్తే తేడా కంటికి ఆనుతుంది. గల్లా పక్కన ఒక గాజు గ్లాసు, మా పొడి ఉన్న చిన్న డబ్బా పెట్టి, ఎవరైనా చూసుకోవచ్చని రాశాను.

ఉత్తరం మొదటి ప్రతి చదివిన వాళ్లలో ఎక్కువ మంది అడిగింది మరో ప్రశ్న. ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు, "అన్నా, అరకు మనకి నూట పాతిక కిలోమీటర్లు కూడా లేదు. బ్రెజిల్‌లో వానలు పడకపోతే విశాఖలో కాఫీ ఎందుకు పెరగాలి?" అన్నాడు.

ప్రపంచంలో పండే కాఫీలో మూడోవంతుకు పైగా బ్రెజిల్‌దే. రెండో స్థానం వియత్నాంది, అక్కడ దాదాపు అంతా రోబస్టా. 2024లో ఈ రెండూ ఎండ దెబ్బ తిన్నాయి. వియత్నాంలో ఎండాకాలం కరవు, ఆ తర్వాత బ్రెజిల్ అరబికా తోటల్లో నెలల తరబడి వాన లేకపోవడం. అరబికా ధరను న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో పౌండ్ల లెక్కన కడతారు. 2023 అక్టోబరులో పౌండు డాలరున్నర చుట్టూ ఉండేది. 2024 డిసెంబరులో 1977 నాటి రికార్డును దాటింది. 2025 ఫిబ్రవరిలో నాలుగు డాలర్లు దాటింది. ఆ 1977 రికార్డు వెనకా బ్రెజిలే ఉంది. 1975 జులైలో పరానా రాష్ట్రంలో కురిసిన మంచుకు తోటలు మాడిపోయాయి. ధర శిఖరానికి చేరింది దాదాపు రెండేళ్ల తర్వాత. వరి అయితే ఒక పంట పోయినా మరుసటి పంటకు కోలుకుంటుంది. కాఫీ మొక్క ఈ రోజు నాటితే కాపుకొచ్చేది మూడు నాలుగేళ్లకు. అందుకే కొరత వస్తే తొందరగా పోదు.

ఇక అరకు సంగతి. ఒకప్పుడు దేశంలో పండిన కాఫీని కాఫీ బోర్డు పూల్‌గా తీసుకుని తానే అమ్మేది. 1990ల్లో ఆ పద్ధతి దశలవారీగా తీసేశారు. 1996 తర్వాత రైతు తన గింజను ఎవరికైనా అమ్ముకోవచ్చు. మన దేశపు కాఫీలో పెద్ద భాగం విదేశాలకే పోతుంది. ఎగుమతిదారు న్యూయార్క్ ధర చూసి బేరం ఆడుతుంటే, నాకు మాత్రం పాత ధరకే ఇమ్మని వర్తకుణ్ని అడగలేను. అడిగే హక్కూ నాకు లేదు. 2001లో పౌండు ధర అర డాలరు కిందికి పడిపోయినప్పుడు గింజ అమ్మితే కోత కూలి కూడా గిట్టక తోటలవాళ్లు నలిగిపోయారు. అప్పుడు ఈ కొట్టు మా నాన్నగారు నడిపేవారు. పచ్చి గింజ అంత చవకైన ఆ రోజుల్లో మా కాఫీ ధర పావలా కూడా తగ్గలేదు. అప్పుడు నేను గల్లా దగ్గరే కూర్చునేవాణ్ని, నాకు బాగా గుర్తు.

ఉత్తరంలో చివరి పేరా రాయించింది ఆ జ్ఞాపకమే. ధర పెరిగినప్పుడు కబురు పెట్టేవాడు తగ్గినప్పుడు కూడా పెట్టాలి. అందుకని ఇలా రాశాను: "పచ్చి గింజ నాకు కిలో 500 లేదా అంతకంటే తక్కువకు పడి, వరసగా రెండు బస్తాల దాకా అదే నిలిస్తే, కాఫీ 27 చేస్తాను. బస్తా కొన్న ప్రతిసారీ కిలో ఎంత పడిందో ఈ కాగితం కింద రాస్తాను. గ్లాసు చిన్నది చేయను. రెండో డికాషన్ కలపను. కాఫీ ఎనభై, చికోరీ ఇరవై, మారదు." 500 అని ఊరికే పెట్టలేదు. ఆ ధరకు కప్పులో గింజ ఖర్చు పాతకాలం కంటే రూపాయి నలభై పైసలు ఎక్కువ ఉంటుంది. 27 రూపాయలకు అమ్మితే పన్ను పోగా అది నిలుస్తుంది. రెండు బస్తాలు ఎందుకంటే, మార్కెట్ ఒక వారం పడి మరుసటి వారం లేస్తుంది. నేను వాడేది నెల క్రితం కొన్న గింజ.

మాస్టారు ఉత్తరమంతా నిలబడి చదివారు. జేబులోంచి కలం తీసి ఒక చోట నేను కూడికలో చేసిన తప్పు దిద్దారు. మూడు రూపాయలు ఎక్కువ పెట్టి కూర్చున్నారు.

జులైలో న్యూయార్క్ ధర మూడు డాలర్ల కిందికి దిగింది. కాగితం కింద 540 అని రాశాను, రెండు మూడు రోజులు అందరి చూపూ ఆ అంకె మీదే. ఆగస్టులో అమెరికా బ్రెజిల్ సరుకు మీద యాభై శాతం సుంకం వేయడంతో మార్కెట్ మళ్లీ లేచింది. తర్వాతి బస్తాకు 580 అని రాశాను. కాఫీ ఇంకా 28 రూపాయలే. మాస్టారు మాత్రం రోజూ లోపలికి రాగానే ముందు ఆ కాగితం అడుగు చూసి, తర్వాత కుర్చీ లాక్కుంటారు.