యూలిప్ స్టేట్‌మెంట్‌లో తగ్గే యూనిట్లు

యూలిప్ స్టేట్‌మెంట్‌లో ముందుగా చూడవలసింది ఫండ్ విలువ కాదు, యూనిట్ల సంఖ్య. ఉదాహరణకు ప్రీమియం 50,000 రూపాయలు, కేటాయింపు ఛార్జీ 4 శాతం అనుకుంటే, 2,000 రూపాయలు యూనిట్లు కొనకముందే పోతాయి. మిగిలిన 48,000కు, ఎన్‌ఏవీ 20 రూపాయలైతే, 2,400 యూనిట్లు వస్తాయి.

మోర్టాలిటీ ఛార్జీ, అంటే ప్రాణరక్షణ ఖర్చు, వేరే దారిలో పోతుంది. దానికోసం కంపెనీ నెలనెలా కొన్ని యూనిట్లను రద్దు చేస్తుంది. ఛార్జీ 120 రూపాయలైతే 6 యూనిట్లు తగ్గి 2,394 మిగులుతాయి. మరుసటి నెల ఎన్‌ఏవీ 20.50కి చేరితే ఫండ్ విలువ 49,077 రూపాయలు. విలువ పెరగడంతో యూనిట్ల తరుగు చాలామంది కంట పడదు.

బీమా మొత్తం, ఫండ్ విలువల్లో ఎక్కువైనదే చెల్లించే పాలసీల్లో ఈ ఛార్జీని ఆ రెండింటి తేడాపై లెక్కిస్తారు. ఫండ్ పెరిగితే తేడా తగ్గుతుంది. వయసు పెరిగితే రేటు పెరుగుతుంది. ఫండ్ నిర్వహణ ఛార్జీ మాత్రం యూనిట్ల లెక్కలో కనిపించదు, ఎన్‌ఏవీలోనే ముందుగా తీసేస్తారు.