యాభై వేల కార్డు బాకీ ఎన్నాళ్లకు తీరుతుంది?

నాన్న కంటి ఆపరేషన్‌కు క్రెడిట్ కార్డు వాడటంతో మా తమ్ముడి మీద 50,000 రూపాయల బాకీ పడింది. "నెలకు రెండున్నర వేలు కడతా అన్నయ్యా, ఇరవై నెలల్లో తీరిపోతుంది" అన్నాడు. యాభై వేలను రెండున్నర వేలతో భాగించాడు, అంతే. వడ్డీ లెక్కలోకే రాలేదు.

వాడి స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం అని ఉంది. వినడానికి చిన్నదే, కానీ ఏడాదికి 42 శాతం. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. యాభై వేలకు నెల వడ్డీ 1,750, జీఎస్టీ 315, మొత్తం 2,065 రూపాయలు. అంటే మొదటి నెల కట్టిన 2,500లో అసలుకు చేరేది 435 రూపాయలే. రెండో నెల బాకీ 49,565. ఈసారి వడ్డీ, జీఎస్టీ కలిపి 2,047, అసలులో తగ్గేది 453.

ఇద్దరం కూర్చుని చివరిదాకా లెక్క వేశాం. బాకీ సగానికి రావడానికే ముప్పై నెలలు. అక్కడి నుంచి వడ్డీ తగ్గుతూ వస్తుంది కాబట్టి మిగతా సగం పద్నాలుగు నెలల్లో తీరుతుంది. మొత్తం 44 నెలలు. కట్టేది సుమారు 1,08,000, అందులో 58,000 వడ్డీ, పన్నులే. వాడు కాసేపు మాట్లాడలేదు.

"ఇంకో ఐదు వందలు సర్దగలవా?" అన్నాను. నెలకు 3,000 కడితే మొదటి నెలే అసలులో 935 తగ్గుతుంది, అంటే ముందటికి రెట్టింపు కన్నా ఎక్కువ. బాకీ 29 నెలల్లో తీరుతుంది, వడ్డీ సుమారు 36,400. ఐదు వందలకు పదిహేను నెలలు కలిసొచ్చాయి. ఐదు వేలు కట్టగలిగితే 14 నెలలే, వడ్డీ 16,000 లోపే. అదే రెండు వేలు కడితే? నెల వడ్డీకే చాలదు కాబట్టి బాకీ పెరుగుతూనే పోతుంది.

మీ లెక్క మీరే చూసుకోవాలంటే ఎక్సెల్‌లో ఇలా టైప్ చేయండి:

```
=NPER(0.0413,-3000,50000)
```

మొదటిది జీఎస్టీ కలిపిన నెల వడ్డీ, రెండోది నెలనెలా కట్టేది, మూడోది బాకీ. జవాబు 28.8 వస్తుంది. 3,000 బదులు 2,000 పెడితే `#NUM!` అని వస్తుంది, ఆ బాకీ తీరదని దానర్థం.

అయితే ఈ లెక్క నిలవాలంటే ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకూడదు. పాత బాకీ మిగిలి ఉండగా కొంటే వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. తమ్ముడు ఆ రాత్రే షాపింగ్ యాప్‌లలోంచి కార్డు నంబరు తీసేశాడు. ఇప్పుడు నెలకు మూడు వేలు కడుతున్నాడు.