శుక్రవారం రాత్రి వచ్చిన కారు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో లో లెవెల్ డిజైన్ అనే రౌండు ఒకటి ఉంటుంది. సుమారు గంటసేపు. అందులో తరచూ అడిగే ప్రశ్న: పార్కింగ్ లాట్‌కి ప్రోగ్రాం డిజైన్ చేయండి. మాల్ కింద సెల్లార్‌లో బండి పెట్టినవాళ్లందరికీ తెలిసిన పనే. గేటు దగ్గర టికెట్ ఇస్తారు, ఖాళీ చోటు చూపిస్తారు, వెళ్లేటప్పుడు డబ్బులు తీసుకుంటారు.

దీన్ని ప్రోగ్రాంగా రాయాలంటే ముందు క్లాసులు కావాలి. ఒక వస్తువు ఏ సమాచారం దాచుకుంటుందో, ఏ పని చేస్తుందో చెప్పే నమూనాయే క్లాసు. చాలామంది వాహనం అనే క్లాసు రాసి, దాని కింద కారు, బైకు, లారీ అని మూడు పిల్ల క్లాసులు పెడతారు. లోపల చూస్తే మూడూ ఖాళీ. కారు ఎలా నడుస్తుందో పార్కింగ్ లాట్‌కి అక్కర్లేదు, ఎంత చోటు పడుతుందో తెలిస్తే చాలు. అందుకు బండి రకం పేరు ఒక్కటి రాసుకుంటే సరిపోతుంది. వేరుగా చేసే పని లేనప్పుడు వేరు క్లాసు ఎందుకు?

నిజంగా మారుతూ ఉండేది రేటు. కారుకు మొదటి 2 గంటలకు 40 రూపాయలు, ఆపైన గంటకు 20, కొంచెం దాటినా పూర్తి గంట లెక్క అనుకుందాం. ఉదయం 10:10కి వచ్చి మధ్యాహ్నం 1:25కి వెళ్లిన కారు 3 గంటల 15 నిమిషాలు ఉంది. 4 గంటల కింద లెక్కేస్తే 80 రూపాయలు. ఈ లెక్కను బయటికి వెళ్లే గేటు క్లాసులోనే రాసేస్తే చక్కగా పనిచేస్తుంది.

అరగంట గడిచాక ఇంటర్వ్యూ చేసేవారు అంటారు: "శని, ఆదివారాల్లో ఎంతసేపు ఉంచినా రోజుకు 150 రూపాయలు." అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. గేటు క్లాసులో ఇంకో if రాయవచ్చు. రేపు పండగ రేటు, ఎల్లుండి రాత్రి రేటు అంటే ఇంకో రెండు. టికెట్ చూసి గేటు ఎత్తాల్సిన క్లాసు కేలండర్ చూడాల్సి వస్తుంది. ఆదివారం లెక్క దిద్దబోతే నిన్నటిదాకా సరిగ్గా ఉన్న బైకు లెక్క తప్పుతుంది.

అందుకే రేటును ఇంటర్‌ఫేస్ వెనక పెడతారు. ఇంటర్‌ఫేస్ అంటే ఒప్పందం: ఏం ఇస్తే ఏం తిరిగి వస్తుందో చెబుతుంది, లోపల ఎలా చేస్తారో చెప్పదు.

```java
interface FareRule {
    int fare(VehicleType type, Instant in, Instant out);
}
```

గంటల లెక్క ఒక క్లాసు, వారాంతపు లెక్క ఇంకో క్లాసు. రెండూ ఈ ఒప్పందాన్ని పాటిస్తాయి. కొత్త రేటు వస్తే కొత్త క్లాసు రాస్తాం, పాతదాన్ని ముట్టుకోం. ఇలా పాత కోడ్‌ను కదపకుండా కొత్తది చేర్చగలగాలన్న సూత్రాన్ని బెర్ట్రాండ్ మేయర్ 1988లో తన పుస్తకంలో రాశారు. లెక్కకట్టే పద్ధతిని ఇలా విడిగా పెట్టే అమరికకు 1994లో వచ్చిన 'డిజైన్ పాటర్న్స్' పుస్తకం స్ట్రాటజీ అని పేరు పెట్టింది.

అయితే if పూర్తిగా మాయమైపోదు. ఏ కారుకు ఏ రేటో ఎక్కడో ఒకచోట తేల్చాలి. ఎక్కడ? ఒక కారు శుక్రవారం రాత్రి 10కి వచ్చి 1 గంటకు వెళ్లింది. వెళ్లేటప్పుడు తేలిస్తే అప్పటికి శనివారం, 150 కట్టమంటుంది. వచ్చేటప్పుడు బోర్డు మీద చూసిన రేటు ప్రకారం ఆయన కట్టాల్సింది 60. గొడవ ఖాయం. కాబట్టి లోపలికి వచ్చినప్పుడే రేటు తేల్చి టికెట్‌లో దాచాలి అంటాను నేను.

లాట్ యజమాని ఒప్పుకోలేదనుకోండి. అర్ధరాత్రి దాకా గంటల లెక్క, తర్వాత శనివారం లెక్క కావాలంటాడు. 40, 150 కలిపి 190. అప్పుడు కూడా ఈ ఇంటర్‌ఫేస్ నిలబడుతుంది. రెండు సమయాలూ దాని చేతిలో ఉన్నాయి, మధ్యలో అర్ధరాత్రి ఎక్కడ పడిందో అది చూసుకోగలదు. "3 గంటలు" అన్న అంకె ఒక్కటే ఇచ్చి ఉంటే ఆ సంగతి తెలుసుకునే దారే లేదు, ఒప్పందాన్నే మార్చాల్సి వచ్చేది. ఇంటర్‌ఫేస్ రాసేటప్పుడు ఎక్కువసేపు ఆలోచించాల్సింది ఈ చోటే: లోపలికి ఏం ఇస్తున్నాం?

మన ఒప్పందానికీ హద్దు ఉంది. నెలవారీ పాస్ ఉన్నవారికి ఉచితం అనగానే బండి నంబరు కావాలి, అది ఇందులో లేదు. రకానికీ వచ్చిన సమయానికీ బదులు టికెట్‌నే ఇస్తే నంబరు కూడా దానితో వస్తుంది. కానీ అలా చేస్తే రేటు క్లాసుకు అక్కర్లేని వివరాలు కూడా కనబడతాయి, పరీక్షించేటప్పుడు ప్రతిసారీ నిండు టికెట్ తయారు చేయాలి. పాస్ సంగతి ముందే అడిగి తెలుసుకున్న అభ్యర్థి మొదటి పది నిమిషాల్లోనే టికెట్ ఇవ్వడానికి సిద్ధపడతాడు. అడగనివారు అరగంట తర్వాత మూడు క్లాసుల్లోనూ ఆ ఒక్క వరుసను దిద్దుకుంటూ కూర్చుంటారు.